ఫ్యాన్ తిరుగుతోంది, గాలి కదలడం లేదు: బాత్రూం ఎగ్జాస్ట్‌లో తప్పు వెతికే పద్ధతి

మా బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే మోత హాలు దాకా వినిపించేది. అయినా స్నానం చేసి వచ్చిన గంటకు కూడా అద్దం మీద మసక వదిలేది కాదు. తలుపు వెనక పైమూలలో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి బూజు చుక్కలు మొదలయ్యాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి, స్టూలెక్కి, జాలీ మీద చెయ్యి పెట్టి చూసి, "మోటారుకు బలం లేదు సార్, ఇంకో సైజు పెద్దది వేసేద్దాం" అన్నాడు. ఏడాది కిందట కూడా ఇదే మాట విని ఫ్యాన్ మార్చాం. కొత్త ఫ్యాన్ నెల తిరక్కుండానే పాతదానిలా మూలగడం మొదలుపెట్టింది. రెండు ఫ్యాన్లూ ఒకే రోగంతో పడ్డాయంటే రోగం ఫ్యాన్‌ది కాకపోవచ్చని అప్పుడు అనుమానం వచ్చింది.

మాది అపార్ట్‌మెంటు. బాత్రూం 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, ఫాల్స్ సీలింగ్ 8 అడుగుల ఎత్తున ఉంటుంది. సీలింగులో 100 మిల్లీమీటర్ల ఫ్యాన్, దాని వెనక అల్యూమినియం ఫ్లెక్సిబుల్ పైపు, ఆ పైపు చివర, భవనంలో పైపులూ గాలీ పోవడానికి నిలువునా వదిలిన షాఫ్టు గోడలో నాలుగు అంగుళాల రంధ్రం. ఇప్పుడు కడుతున్న చాలా ఫ్లాట్లలో ఏర్పాటు ఇదే. అందుకే ఈ ఒక్క రకాన్నే పట్టుకొని, ఏ వరుసలో వెతకాలో రాస్తున్నాను. కిటికీ వెంటిలేటర్‌లో నేరుగా బిగించిన ఫ్యాన్ సంగతి వేరు, అది చివర్లో కొంత చెబుతాను.

ముందు కొలవాలి

ఫ్యాన్ జాలీకి టిష్యూ కాగితం అంటించి చూడమని అందరూ చెబుతారు. కాగితం పడిపోతే గాలి లేనట్టే, అందులో సందేహం లేదు. కాని కాగితం అంటుకున్నంత మాత్రాన గాలి చాలినంత ఉందనుకోకండి. పల్చటి కాగితాన్ని పట్టి ఉంచడానికి చాలా తక్కువ గాలి సరిపోతుంది. మా ఫ్యాన్ కూడా కాగితాన్ని చక్కగా పట్టుకునేది. మనకు కావలసింది "ఉందా లేదా" అన్న జవాబు కాదు, "ఎంత" అన్నది.

దానికి పెద్ద చెత్త సంచీ, ఫోనులోని స్టాప్‌వాచ్ చాలు. ఇనుప తీగ హ్యాంగరును విప్పి, ఫ్యాన్ జాలీకన్నా కాస్త పెద్ద చట్రంగా వంచండి. సంచీ మూతిని దాని చుట్టూ మడిచి టేపు వేయండి. సంచీని గాలిలో ఒకసారి ఊపితే నిండుతుంది. అది ఎన్ని లీటర్లో తెలియాలి కదా: గాలితో నిండిన సంచీని ఒక అట్టపెట్టెలో కూర్చోబెట్టి చూడండి. నా సంచీ 45 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 40 ఎత్తు ఉన్న పెట్టెను నిండుగా ఆక్రమించింది. మూడింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే 81. లెక్క తేలిక కోసం 80 లీటర్లు అనుకున్నాను.

ఫ్యాన్ వేసి, నిండిన సంచీ మూతిని జాలీ చుట్టూ సీలింగుకు ఆనించి పట్టుకోండి. ఫ్యాన్ సంచీలోని గాలిని లాగేసుకుంటుంది, సంచీ ముడుచుకుపోతుంది. ఆనించిన క్షణం నుంచి పూర్తిగా వాడిపోయేదాకా పట్టిన సెకన్లు లెక్కపెట్టాలి. మీరు సంచీ పట్టుకుంటే ఇంకొకరు ఫోను పట్టుకోవాలి, రెండూ ఒక్కరివల్ల కావు. మూడుసార్లు చేసి సగటు తీసుకోండి. లీటర్లను సెకన్లతో భాగించి 3.6తో గుణిస్తే గంటకు ఎన్ని ఘనమీటర్లో వస్తుంది.

మా ఇంట్లో సంచీ వాడిపోవడానికి 13 సెకన్లు పట్టింది. అంటే గంటకు 22 ఘనమీటర్లు. ఫ్యాన్ అట్టపెట్టె మీద మాత్రం గంటకు 100 ఘనమీటర్లని రాసి ఉంది. ఈ సంచీ కొలత కచ్చితమైనదేమీ కాదు, అయిదింట ఒక వంతు అటూ ఇటూ పోవచ్చు. కాని 100కూ 22కూ మధ్య తేడాను ఆ పొరపాటు మింగలేదు. పైగా ప్రతి మరమ్మతు తర్వాతా అదే సంచీతో, అదే మనిషి కొలిస్తే ఏ పని ఎంత ఫలితమిచ్చిందో స్పష్టంగా తెలుస్తుంది. ఈ వ్యాసంలో అన్నిటికన్నా పనికొచ్చే పనిముట్టు ఆ సంచీయే.

మరి ఎంత ఉంటే చాలు? అమెరికాలో ఇళ్ల గాలి మార్పిడికి పాటించే అష్రే 62.2 ప్రమాణం, అవసరమైనప్పుడు వేసుకునే బాత్రూం ఫ్యాన్ నిమిషానికి 50 ఘనపు అడుగులు లాగాలంటుంది. ఫ్యాన్ పెట్టెల మీద సీఎఫ్ఎం అని ఉండేది ఇదే. దీన్ని 1.7తో గుణిస్తే గంటకు ఘనమీటర్లు వస్తాయి, పెట్టె మీద సీఎంహెచ్ అని ఉంటుంది. 50 అంటే 85 ఘనమీటర్లు. మా బాత్రూం ఘనపరిమాణం 320 ఘనపు అడుగులు కాబట్టి ఆ లెక్కన ఆరున్నర నిమిషాలకు ఒకసారి గదిలోని గాలంతా మారుతుంది. మామూలు ఫ్లాట్ల బాత్రూములకు ఇది చక్కటి లక్ష్యం. అంతకన్నా పెద్దదైతే, నేల ఎన్ని చదరపు అడుగులుంటే అన్ని సీఎఫ్ఎం అని గుర్తు పెట్టుకోండి. 70 చదరపు అడుగుల బాత్రూంకు 70.

తప్పు ఎటువైపుందో తేల్చడం

గాలి ఒక దారిలో వెళుతుంది: తలుపు కింది సందులోంచి లోపలికి, ఫ్యాన్‌లోంచి పైకి, పైపులోంచి గోడ దాకా, రంధ్రంలోంచి షాఫ్టులోకి. ఈ దారిలో ఎక్కడ ఇరుకైనా మొత్తం తగ్గుతుంది. దారిని ముక్కలు చేసి చూస్తే దొంగ దొరుకుతాడు.

మొదటి ముక్క తలుపు. తలుపు బార్లా తెరిచి మళ్లీ సంచీతో కొలవండి. మూసి ఉన్నప్పటికన్నా బాగా మెరుగైతే లోపలికి వచ్చే గాలి చాలడం లేదని అర్థం. మాకు 13 సెకన్లు 12 అయ్యాయి, అంతే. తలుపు నిర్దోషి అని అప్పుడు అనుకున్నాను. అది తొందరపాటు తీర్పు అని తర్వాత తేలింది, దాని కథ ముందుంది.

రెండో ముక్క ఫ్యాన్. ఇక్కడ కరెంటుతో పని ఉంది కనుక స్విచ్ ఆపితే చాలదు, బోర్డులో ఎంసీబీ దించండి. కొన్ని పాత ఇళ్లలో స్విచ్ ఫేజ్ మీద కాక న్యూట్రల్ మీద ఉంటుంది, స్విచ్ ఆపినా ఫ్యాన్ దగ్గర కరెంటు ఉంటుంది. టెస్టరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. ఇందులో చెయ్యి తిరగకపోతే ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకొని చేయించుకోండి. ఫాల్స్ సీలింగులో మరమ్మతు కోసం వదిలిన పలక ఉంటే అందులోంచి, లేకపోతే ఫ్యాన్‌ను కిందికి దించి, వెనక ఉన్న పైపును ఊడదీయండి. ఫ్యాన్‌ను మళ్లీ దాని చోట బిగించి, పైపు లేకుండానే ఒకసారి వేసి కొలవండి.

మాకు మూడున్నర సెకన్లు పట్టింది. గంటకు 82 ఘనమీటర్లు. ఎలక్ట్రీషియన్ ఆ సంచీని చూసి, "ఫ్యాన్ బాగానే ఉంది సార్" అని తానే అన్నాడు.

పైపు తీసేసినా మీ ఫ్యాన్ మందంగానే లాగితే అప్పుడు తప్పు ఫ్యాన్‌లో ఉంది. రెక్కల అంచుల మీద తడిసి గట్టిపడిన దుమ్ము పేరుకుంటే రెక్కల ఆకారమే మారిపోతుంది. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెడితే చాలాసార్లు ప్రాణం లేచివస్తుంది. కరెంటు ఆపి వేలితో తిప్పితే రెక్కలు తేలికగా నాలుగు చుట్లు తిరగాలి. చటుక్కున ఆగిపోతే బుష్ ఎండిపోయినట్టు. కెపాసిటర్ ఉన్న మోటారైతే అది బలహీనపడినప్పుడు ఫ్యాన్ తిరుగుతుంది గాని నీరసంగా తిరుగుతుంది. పాతదాని మీద రాసిన అంకెతోనే కొత్తది వేయాలి, పెద్దది వేస్తే వేగం పెరుగుతుందనుకోవడం మోటారును కాల్చుకోవడమే. కడిగాక రెక్కలను తిరగేసి బిగించినవాళ్లనూ చూశాను. రెక్క వెనక్కి ముందుకి మారితే గాలి బాగా తగ్గిపోతుంది.

గోడ అవతలి కొస

ఫ్యాన్ బాగుంటే పైపు జోలికి వెళ్లే ముందు బయటి కొసను చూడండి. ఖర్చు లేకుండా బాగయ్యే అడ్డంకులు చాలావరకు అక్కడే ఉంటాయి. గాలి బయటికి పోయేటప్పుడు తెరుచుకొని, ఆపగానే మూసుకునే ప్లాస్టిక్ రెక్కల మూత సాధారణంగా అక్కడ ఉంటుంది. పక్క ఫ్లాట్ల వాసన, బొద్దింకలు లోపలికి రాకుండా అది కాపు కాస్తుంది. దుమ్మూ తేమా కలిసి ఆ రెక్కలను బంకలా అంటించేస్తాయి. గోడకు రంగు వేసేటప్పుడు పెయింటరు బ్రష్‌తో ఒక పూత పూస్తే ఇక తెరుచుకోవడమే ఉండదు. రంగు పడకూడదని చుట్టిన ప్లాస్టిక్ కాగితం అలాగే మిగిలిపోయిన ఇళ్లూ ఉన్నాయి. మూత లేని రంధ్రమైతే పావురాలు వదలవు. పైపు లోపలికి మూరెడు దాకా పుల్లలు దూర్చి గూడు పెడతాయి.

షాఫ్టులోకి దిగి చూడటం అందరికీ కుదరదు, ఎత్తైన అంతస్తుల్లో ప్రయత్నించనూ కూడదు. ఫోనును సెల్ఫీ కర్రకు కట్టి, టార్చి వేసి, బాత్రూం కిటికీలోంచి వీడియో తీయండి. ఫ్యాన్ నడుస్తున్నప్పుడు తీస్తే రెక్కలు తెరుచుకుంటున్నాయో లేదో కూడా కనిపిస్తుంది. మా వీడియోలో మూడు రెక్కల్లో ఒకటే సగం లేచింది. దాని వెనక దోమల జాలీ ఉంది, ఎవరు పెట్టారో తెలియదు. ఆ జాలీ కళ్లన్నీ బూడిదరంగు నూగుతో మూసుకుపోయి ఉన్నాయి. తువ్వాళ్లు, బట్టలు విదిల్చే బాత్రూంలో నూగు ఎక్కువ, అది తేమతో కలిస్తే పలచటి కంబళిలా పరుచుకుంటుంది.

పైపు ఊడదీశాం కాబట్టి లోపలి వైపు నుంచే జాలీని లాగేశాం. మూతను కూడా లోపలికి తీసి కడిగి, ఇరుసు దగ్గర రెక్కలు వాటంతటవే కిందికి జారేలా చూసి మళ్లీ పెట్టాం. పక్షుల కోసం జాలీ తప్పదనుకుంటే వేలు దూరేంత కళ్లున్న గట్టి జాలీ పెట్టండి. దోమల జాలీ ఎగ్జాస్ట్ దారిలో ఉండకూడదు. పాత పైపునే తిరిగి తగిలించి కొలిస్తే 8 సెకన్లు. గంటకు 36 ఘనమీటర్లు. పైసా ఖర్చు లేకుండా గాలి ఒకటిన్నర రెట్లయింది. అయినా లక్ష్యంలో సగం కూడా కాదు.

పైపు: అసలు దొంగ

మా ఫ్యాన్ నుంచి గోడ రంధ్రం దాకా నేరుగా కొలిస్తే 2.2 మీటర్లు. అక్కడ ఉన్న ఫ్లెక్సిబుల్ పైపు సాగదీస్తే 3 మీటర్లు. మిగిలిన భాగాన్ని కోసేయకుండా ముడుచుకున్నట్టే వదిలేశారు. అది సీలింగు లోపల పాములా మెలికలు తిరిగి, లైటు వైర్ల మీదుగా ఎక్కి, గోడ దగ్గర మోచేయి మడిచినట్టు మడతపడి రంధ్రంలో దూరింది. మధ్యలో కిందికి జారిన చోట గరిటెడు నీళ్లు కూడా ఉన్నాయి. ఆవిరి చల్లబడి చేరిన నీళ్లు అవి.

గాలికి ఇందులో ఏమి కష్టమో చెప్పాలి. నున్నటి గొట్టంలో గాలి జారిపోతుంది. ముడతలున్న గొట్టంలో ప్రతి ముడతా ఒక చిన్న మెట్టు, ఒక్కొక్క మెట్టుకూ గాలి తట్టుకొని సుడి తిరుగుతుంది. బాగా సాగదీసిన ఫ్లెక్సిబుల్ పైపు కూడా అదే కొలత నున్నటి పైపుకన్నా రెండింతల దాకా అడ్డుపడుతుంది. సాగదీయకుండా వదిలేస్తే ముడతలు దగ్గరపడి అది ఇంకా ఎన్నో రెట్లవుతుంది. ఒక పదునైన మలుపు మీటర్ల కొద్దీ తిన్నటి పైపుతో సమానం.

ఇక గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే ఉంది. అదే దారిలో గాలిని రెండింతలు చేయాలంటే ఒత్తిడి నాలుగింతలు కావాలి. ఇరుకు పైపుకు పెద్ద ఫ్యాన్ తగిలిస్తే మోత పెరిగి గాలి పెరగకపోవడానికి కారణం ఇదే. దీనికి తిరుగు మాట కూడా అంతే నిజం: పైపు వ్యాసాన్ని నాలుగు అంగుళాల నుంచి ఆరుకు పెంచితే, అదే గాలికి రాపిడి సుమారు ఏడో వంతుకు పడిపోతుంది. పైపు ఒక్క సైజు పెరిగితే వచ్చే లాభం రెండు సైజుల పెద్ద ఫ్యాన్‌తో కూడా రాదు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు గోడకు ఆరు అంగుళాల రంధ్రం వదిలించుకుంటే చాలు, సగం బాధ తప్పుతుంది. మాకు షాఫ్టు గోడకు కోర్ కటింగ్ చేయించే వీలు లేదు కనుక నాలుగు అంగుళాలతోనే సర్దుకోవలసి వచ్చింది.

పాత పైపు తీసేసి 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు వేశాం, మురుగునీటి లైన్లకు వాడే రకం. ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది, లోపల నున్నగా ఉంటుంది, తుప్పు పట్టదు. ఇలా వేసేటప్పుడు మూడు జాగ్రత్తలు పాటించాం. ఫ్యాన్‌ను ఎటు తిప్పి బిగిస్తే మలుపులు తగ్గుతాయో ముందే చూసుకొని, రెండు మలుపులను ఒకటిగా చేశాం. ఆ ఒక్క మలుపుకు కురచ ఎల్బో కాక పొడవుగా వంగిన బెండ్ వాడాం. ఫ్యాన్ నోటి దగ్గర మాత్రం జానెడు ఫ్లెక్సిబుల్ పైపును బాగా సాగదీసి పెట్టి, రెండు వైపులా క్లిప్పులు బిగించాం. అది లేకపోతే ఫ్యాన్ అదురు పీవీసీలోకి పాకి పైపంతా మోగుతుంది. పైపును గోడ వైపుకు మీటరుకు ఒక సెంటీమీటరు లెక్కన వాలుగా ఉంచి, పైకప్పుకు రెండు చోట్ల క్లాంపులతో వేలాడదీశాం. చేరిన నీళ్లు ఇప్పుడు బయటికి పోతాయి, ఫ్యాన్ మోటారు మీదికి రావు.

గోడ రంధ్రానికీ పైపుకూ మధ్య సందులో సిమెంటు కూరేటప్పుడు దగ్గరుండి చూడండి. పాత పైపు తీసినప్పుడు రంధ్రం లోపల గుప్పెడు గట్టిపడిన సిమెంటు ముద్ద బయటపడింది. అది కూడా నాలుగు అంగుళాల దారిని మూడు చేసి కూర్చుంది. ఫాల్స్ సీలింగు తెరిచినప్పుడు పైపు గోడ దాకా వెళ్లిందో లేదో కూడా నమ్మకం మీద వదిలేయకండి. పైపు సీలింగు మధ్యలోనే ఆగిపోయి, ఆవిరంతా ప్లాస్టర్ పలకల వెనక చేరిన ఫ్లాట్ మా బ్లాకులోనే ఒకటి ఉంది. అక్కడ సీలింగు మచ్చలు పడితే పైఅంతస్తు లీకేజీ అని ఏడాదిపాటు తగవు నడిచింది.

తలుపు తెరిచి కొలిస్తే 5 సెకన్లు. గంటకు 58 ఘనమీటర్లు.

తలుపు మళ్లీ బోనెక్కింది

అలవాటు కొద్దీ తలుపు మూసి మళ్లీ కొలిచాను. 6 సెకన్లు. 58 కాస్తా 48 అయింది. మొదట్లో తలుపు తెరిచినా మూసినా పెద్ద తేడా లేదు, ఇప్పుడెందుకు వచ్చింది? పైన చెప్పిన సూత్రమే కారణం. అప్పుడు వెళ్లే గాలే తక్కువ, ఆ కాస్త గాలికి తలుపు కింది సందు సరిపోయింది. గాలి రెండున్నర రెట్లు కాగానే అదే సందు ఇరుకై కూర్చుంది. అందుకే తలుపు పరీక్షను చివర్లో మరోసారి చేయాలి. మొదటిసారి నిర్దోషి అని తేలినదాన్ని అంతటితో వదిలేస్తే ఆ ఒక వంతు గాలి ఎప్పటికీ దొరకదు.

మా బాత్రూం తలుపు వెడల్పు 70 సెంటీమీటర్లు, కింద గ్రానైట్ గడపకూ తలుపుకూ మధ్య సందు సరిగ్గా 10 మిల్లీమీటర్లు. వడ్రంగిని పిలిచి మరో 10 మిల్లీమీటర్లు కోయించాం. చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసిన డబ్ల్యూపీసీ తలుపు కనుక కోసినా ఉబ్బే భయం లేదు. చెక్క తలుపైతే కోసిన అంచుకు వెంటనే రంగో వార్నిషో పూయించాలి, లేకపోతే తేమ అక్కడి నుంచే ఎక్కుతుంది. నీళ్లు బయటికి చిమ్ముతాయనే భయం ఉన్నవాళ్లు తలుపు కోయకుండా దాని కింది భాగంలో లోపలికి వాలిన పట్టీల జాలీ పెట్టించుకోవచ్చు. కోయించాక తలుపు మూసి కొలిస్తే అయిదు సెకన్ల పైచిలుకు. తెరిచినదానికీ మూసినదానికీ తేడా దాదాపు పోయింది.

ఈ సందర్భంలోనే ఒక మాట. గోడ వెంటిలేటర్‌లో నేరుగా ఫ్యాన్ బిగించిన ఇళ్లలో, ఫ్యాన్ కిందో పక్కనో గాజు పట్టీల కిటికీ తెరిచే ఉంటుంది. గాలి బాగా వస్తుందని కొందరు దాన్ని పూర్తిగా తెరుస్తారు. ఫ్యాన్ దగ్గరి దారినే వెతుక్కుంటుంది కనుక పక్క కిటికీలోంచి బయటి గాలిని లాగి అటే వదిలేస్తుంది. షవరు దగ్గరి ఆవిరి ఉన్నచోటే ఉంటుంది. టిష్యూ కాగితం అంటుకుంటుంది, సంచీ లెక్కా అదిరిపోతుంది, బాత్రూం మాత్రం ఆరదు. ఫ్యాన్ వేసినప్పుడు పక్క కిటికీ మూయండి. అగరుబత్తి వెలిగించి షవరు కింద పట్టుకుంటే పొగ ఎటు పోతోందో చూసి నిర్ధారించుకోవచ్చు.

ఇప్పుడు ఫ్యాన్ సంగతి

దారి బాగుపడ్డాక కూడా మాకు 55 దగ్గర ఆగింది, కావలసింది 85. ఇక్కడికి వచ్చాకే కొత్త ఫ్యాన్ గురించి ఆలోచించడం న్యాయం. పెట్టె మీది 100 అబద్ధం కాదు. ముందు పైపు గాని, మూత గాని ఏమీ లేకుండా బయలు గాలిలో తిప్పి కొలిచిన అంకె అది. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బండి వేగం లాంటిది. దానికి ఎదురు ఒత్తిడి తగిలితే ఎంత పడిపోతుందన్నది ఫ్యాన్ రకాన్ని బట్టి ఉంటుంది.

టేబుల్ ఫ్యాన్‌లా రెక్కలు తిరిగే అక్షీయ ఫ్యాన్లు గాలిని ఎక్కువగా కదుపుతాయి, కాని ఒత్తిడికి తలవంచుతాయి. సీలింగులో పెట్టే 100 మిల్లీమీటర్ల చిన్న రకాలు చాలావరకు 20, 30 పాస్కళ్ల ఎదురు ఒత్తిడికే చేతులెత్తేస్తాయి. గోడకు నేరుగా బిగించడానికి అవి భేషైనవి. రెండు మీటర్ల పైపు, ఒక మలుపు, ఒక మూత తగిలించేసరికి వాటి గాలి సగానికి దగ్గరగా పడిపోతుంది. పైపు మధ్యలో కూర్చునే ఇన్‌లైన్ మిశ్రమ ప్రవాహ ఫ్యాన్లు, ఉడుత చక్రంలాంటి రోటరు ఉండే బ్లోయర్ రకాలు అంతకన్నా ఎన్నో రెట్ల ఒత్తిడిని తట్టుకుంటాయి. పైపు ఉన్న చోట వాటినే చూడాలి.

కొనేటప్పుడు దుకాణంలో "ఎన్ని అంగుళాలది" అని అడుగుతారు. అది రెక్కల కొలతే గాని గాలి కొలత కాదు. మీరు రెండు అంకెలు అడగండి: గంటకు ఎన్ని ఘనమీటర్లు, గరిష్ఠ ఒత్తిడి ఎన్ని పాస్కళ్లు. మంచి కంపెనీల కాటలాగులో ఒత్తిడి పెరిగే కొద్దీ గాలి ఎలా తగ్గుతుందో చూపే వంపు గీత ఉంటుంది. నాలుగు అంగుళాల నున్నటి పైపు, మూడు మీటర్ల లోపు పొడవు, ఒక మలుపు, ఒక మూత ఉంటే, 85 ఘనమీటర్ల దగ్గర ఎదురయ్యే ఒత్తిడి దాదాపు 20 పాస్కళ్లు. తలుపు సందుకూ రేపు పేరుకునే దుమ్ముకూ కలిపి 40 దగ్గర ఆ గీతను చదవండి. అక్కడ 85కు పైన ఉంటే ఆ ఫ్యాన్ మీకు సరిపోతుంది. ఒత్తిడి అంకె ఎక్కడా రాయని ఫ్యాన్‌ను పైపుకు తగిలించకపోవడమే మేలు. నాలుగు అంగుళాల పైపుకు ఆరు అంగుళాల ఫ్యాన్ పెట్టి మధ్యలో రెడ్యూసర్ బిగించే పని కూడా చేయకండి. అది మా ఎలక్ట్రీషియన్ మొదట సూచించిన పద్ధతే, మోత తప్ప మిగిలేది ఉండదు.

మేము 100 మిల్లీమీటర్ల ఇన్‌లైన్ ఫ్యాన్ తీసుకొని, షవరుకు దూరంగా, గోడ రంధ్రం వైపు పైపులో బిగించాం. సీలింగులో పాత ఫ్యాన్ చోట ఉత్త జాలీ మిగిలింది. మోటారు తల మీద నుంచి దూరం జరగడంతో మోత కూడా సగం తగ్గింది. అదే సంచీతో తలుపు మూసి కొలిస్తే మూడు సెకన్ల పైన కాస్త, దాదాపు 90 ఘనమీటర్లు. స్నానం తర్వాత మరో 15, 20 నిమిషాలు నడిచేలా టైమర్ స్విచ్ పెట్టాం. అద్దం ఆరడంతో పని అయిపోయినట్టు కాదు, గోడలూ తువ్వాళ్లూ తమ తేమను తీరిగ్గా వదులుతాయి.

వానాకాలంలో ముసురు పట్టినప్పుడు గాని, సముద్రతీర పట్టణాల్లో గాని ఇంత చేసినా బాత్రూం పూర్తిగా ఆరదు. ఫ్యాన్ లోపలి గాలిని పంపి బయటి గాలిని తెస్తుంది, బయటి గాలే తడిగా ఉంటే అంతకన్నా పొడిగా చేయడం దాని చేతిలో లేదు. అలాంటి రోజుల్లో గోడలను వైపరుతో తుడిచేయడం ఫ్యాన్‌కన్నా త్వరగా పని చేస్తుంది.

బలమైన ఫ్యాన్ తెచ్చే రెండు కొత్త చిక్కులు

బాత్రూంలో గ్యాస్ గీజరు ఉంటే ఈ వ్యాసం చూసి పెద్ద ఫ్యాన్ పెట్టకండి. లోపలికి వచ్చే గాలి చాలనప్పుడు బలమైన ఫ్యాన్ గీజరు పొగను బయటికి పోనివ్వకుండా వెనక్కి, గదిలోకి లాగగలదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు. ఆ గీజరును ముందు బాత్రూం బయట, గాలి ఆడే చోటికి మార్పించాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని దాన్ని లోపలే ఉంచడం ప్రాణాలతో ఆటే.

రెండోది చిన్నదే. కొత్త ఫ్యాన్ వేసిన మూడో రోజు బాత్రూంలో మురుగు వాసన మొదలైంది, అదీ ఫ్యాన్ నడిచినప్పుడు మాత్రమే. ఫ్యాన్ షాఫ్టు గాలిని వెనక్కి లాగుతోందేమోనని మూతను మళ్లీ తీసి చూశాం, బాగానే ఉంది. చివరికి చూస్తే వాష్‌బేసిన్ కింద, ఎవరూ నీళ్లు పోయని మూలలో, నేల మీది నీళ్లు మురుగులోకి పోయే నహానీ ట్రాప్ ఇంకొకటి ఉంది. దానిలో నీళ్లు ఎప్పుడో ఎండిపోయాయి. నీళ్లుంటే అదే మూత, లేకపోతే అది మురుగు పైపులోకి తెరిచిన కిటికీ. పాత ఫ్యాన్‌కు అక్కడి నుంచి లాగేంత బలం లేక ఇన్నాళ్లూ బయటపడలేదు. రెండు చెంబుల నీళ్లు పోస్తే వాసన అక్కడికక్కడే ఆగింది. ఇప్పుడు ఆదివారం బాత్రూం కడిగినప్పుడల్లా ఆ మూలలో కూడా ఒక చెంబు పోస్తున్నాం.